హోల్ స్క్వేర్... ఎక్కడి నుంచి?

పదో తరగతి లెక్కల పాఠం ఏ ఊళ్లో విన్నా ఈ వాక్యం ఇంచుమించు ఇలాగే వినిపిస్తుంది: "ఎక్స్ ఈక్వల్ టు మైనస్ బి ప్లస్ ఆర్ మైనస్ రూట్ ఓవర్ బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ బై టూ ఏ." వర్గ సమీకరణానికి మూలాలు కనుక్కునే సూత్రం ఇది. తరగతిలో దీనితో ఎవరికీ ఇబ్బంది రాదు. టీచరు బోర్డు మీద రాస్తూ చెబుతారు కాబట్టి నోరు చెప్పనిది చెయ్యి చెబుతుంది. భిన్నం గీత ఎంత పొడవుందో, రూట్ గుర్తు పైగీత ఎక్కడిదాకా సాగిందో పిల్లలు కళ్లతో చూసేస్తారు.

అదే వాక్యాన్ని రికార్డు చేసి, బోర్డు కనిపించని విద్యార్థికి వినిపిస్తే ఏమవుతుందో ఒక లెక్కతో చూద్దాం. సమీకరణం ఇది:

2x² − 7x + 3 = 0

ఇక్కడ a విలువ 2, b విలువ −7, c విలువ 3. b² అంటే 49, 4ac అంటే 24, తేడా 25, దాని వర్గమూలం 5. కాబట్టి x విలువ (7 ± 5)/4, అంటే 3 లేదా 1/2. సమీకరణంలో 3 పెట్టి చూస్తే 18 − 21 + 3, సున్నా. జవాబు సరైనదే.

ఇప్పుడు పై వాక్యాన్ని చెవితో మాత్రమే విన్న విద్యార్థి దగ్గరికి వద్దాం. "బై టూ ఏ" అన్నది రూట్‌కు మాత్రమే వర్తిస్తుందని అనుకుంటే 7 ± 5/4 అవుతుంది, జవాబులు 8.25, 5.75. రూట్ "బి స్క్వేర్" దగ్గరే ఆగిపోయిందనుకుంటే (7 ± 7 − 24)/4 అవుతుంది, జవాబులు −2.5, −6. రూట్ చివరిదాకా ఉందని, "బై టూ ఏ" అన్నది 4ac కిందే ఉందని అనుకుంటే 7 ± √43. "బై టూ" అయిపోయాక చివరి "ఏ"తో గుణించాలని అనుకుంటే 12, 2. ఒకే వాక్యానికి ఒక సరైన జవాబు, నాలుగు తప్పు జవాబులు. ఆ నలుగురు విద్యార్థుల్లో ఎవరూ అజాగ్రత్తగా వినలేదు. వాక్యంలో ఉన్నదే రాశారు. (చాలా పాఠాల్లో ఉదాహరణకు a విలువ 1గా ఉన్న సమీకరణం తీసుకుంటారు. అప్పుడు చివరి రకం పొరపాటు అసలు బయటపడదు, ఒకటితో గుణించినా జవాబు మారదు కదా. వినిపించే పాఠానికి a విలువ 1 కాని ఉదాహరణే మంచిది.)

ఈ తేడా ఎక్కడ పుడుతోంది? కాగితం మీద సూత్రానికి పొడవూ వెడల్పూ రెండూ ఉంటాయి. భిన్నం గీత పొడవుగా సాగితే దాని పైనున్నదంతా ఒక ముద్ద అని అర్థం. రూట్ గుర్తుకున్న పైగీతా అంతే, తన కింద ఉన్నదాన్నంతా ఒకటిగా కడుతుంది. ఘాతాంకం చిన్న అక్షరంతో కాస్త పైకి ఎక్కి కూర్చుంటుంది. ఇవన్నీ బ్రాకెట్లు చేసే పనే చేస్తాయి, బ్రాకెట్ల రూపంలో ఉండవంతే. గొంతుకు ఈ రెండు దిక్కులూ లేవు. దానికి ఉన్నది కాలం ఒక్కటే. ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోవాలి, చెప్పింది చెప్పగానే గాలిలో కలిసిపోతుంది. కంటికి వెనక్కి వెళ్లి గీత పొడవు మళ్లీ చూసుకునే వీలుంటుంది. చెవికి ఆ వీలు లేదు. కాబట్టి గీతలు చేసే పనిని మాటలో, విరామమో, గొంతు ఎత్తో చేయాలి. ఏదీ చేయకపోతే ముద్దలు విడిపోతాయి.

ఈ చిక్కును జీవితమంతా అనుభవించి దారి వెతికిన మనిషి అబ్రహాం నెమెత్. 1918లో న్యూయార్క్‌లో పుట్టారు, పుట్టుకతోనే చూపు లేదు. లెక్కలంటే ఇష్టం ఉన్నా, చూపు లేనివారికి ఆ దారిలో ఉద్యోగం దొరకదని చెప్పినవారి మాట విని కొలంబియా విశ్వవిద్యాలయంలో సైకాలజీ చదివారు. తర్వాత మళ్లీ గణితానికే వచ్చి డెట్రాయిట్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పారు. బ్రెయిల్‌లో గణితం రాయడానికి ఆయన తయారుచేసిన పద్ధతి 1952లో అచ్చయింది. నెమెత్ కోడ్ అన్న పేరుతో అది ఇప్పటికీ వాడుకలో ఉంది. అయితే పుస్తకాన్ని బ్రెయిల్‌లోకి ఎక్కించాలంటే ముందు ఎవరో ఒకరు ఆయనకు చదివి వినిపించాలి. చదివేవారికి గణితం వచ్చి ఉండాలన్న నియమం లేదు. అందుకని అర్థం తెలియకపోయినా కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదవగలిగేలా ఒక చదువు పద్ధతి ఏర్పరచారు. దాన్ని మ్యాథ్‌స్పీక్ అంటారు.

దాని కీలకం చాలా సూటిగా ఉంటుంది. భిన్నం వస్తే "భిన్నం మొదలు" అని చెప్పి, పైభాగం చదివి, "బై" అని, కింది భాగం చదివి, "భిన్నం పూర్తి" అనాలి. రూట్ కూడా అంతే. తెరిచిన ప్రతిదాన్నీ మూయాలి. భిన్నంలో మరో భిన్నం ఉంటే బయటి భిన్నానికి "మొదలు మొదలు", "పూర్తి పూర్తి" అని రెండేసి సార్లు అంటారు, ఏ తలుపు దేనిదో తెలియడానికి. పెద్ద అక్షరమైతే ముందు ఆ సంగతి చెప్పాలి. మన సూత్రాన్ని ఈ పద్ధతిలో తెలుగులో చదివితే ఇలా ఉంటుంది: "ఎక్స్ ఈక్వల్ టు, భిన్నం మొదలు, మైనస్ బి, ప్లస్ ఆర్ మైనస్, రూట్ మొదలు, బి స్క్వేర్ మైనస్ నాలుగు ఏసీ, రూట్ పూర్తి, బై, రెండు ఏ, భిన్నం పూర్తి." ఇది విని ఎవరు రాసినా ఒకే సూత్రం వస్తుంది. ఇందాకటి నాలుగు తప్పుల్లో ఒక్కదానికీ చోటు లేదు.

అయినా ఇదే పద్ధతిని యథాతథంగా మన పాఠాల్లోకి తెచ్చుకుంటే సరిపోతుందా అంటే నాకు అనుమానమే. ఎందుకంటే మన తరగతి గదుల్లో చాలా కాలంగా పాతుకుపోయిన మాట ఒకటుంది, "హోల్". "ఏ ప్లస్ బి హోల్ స్క్వేర్" అంటే (a + b)² అని పిల్లలందరికీ తెలుసు. చిన్న మాట, చెప్పడానికి హాయిగా ఉంటుంది. దాని ఇబ్బంది ఏమిటంటే, అది చివర్లో వస్తుంది. "ఎక్స్ ప్లస్ ఏ ప్లస్ బి హోల్ స్క్వేర్" అన్నప్పుడు ఆ "హోల్" ఎక్కడి నుంచి మొదలైంది? ఎక్స్ నుంచా, ఏ నుంచా? x విలువ 1, a విలువ 2, b విలువ 3 అనుకుంటే మొదటి రకంగా వింటే 36, రెండో రకంగా వింటే 26. ముగింపు ఎక్కడో తెలుస్తుంది, మొదలు ఎక్కడో తెలియదు. "హోల్ రూట్", "హోల్ బై" అన్న మాటలకూ ఇదే గతి. వినేవారు అప్పటిదాకా విన్నదాన్నంతా మనసులో పట్టుకుని కూర్చుని, "హోల్" అనగానే వెనక్కి పరిగెత్తి, ఎక్కడ బ్రాకెట్ తెరవాలో ఊహించుకోవాలి. సూత్రం పొడవైతే అప్పటికే మొదటి సగం మరిచిపోతారు.

పుస్తకాల తెలుగులో చదివినా ఈ భారం తగ్గదు. "బి వర్గం మైనస్ నాలుగు ఏసీ యొక్క వర్గమూలం" అంటే వర్గమూలం అన్న సంగతి అంతా అయిపోయాకే తెలుస్తుంది. మన వాక్యం నడకే అంత, చేసే పని చివర్లో వస్తుంది. ఇంగ్లీషులో "స్క్వేర్ రూట్ ఆఫ్" అని ముందే చెప్పేస్తారు కాబట్టి అక్కడ ఎక్కడ ముగుస్తుందన్నదే ప్రశ్న. మనకు ఎక్కడ మొదలైందన్నది ప్రశ్న. కాబట్టి తెలుగు ఆడియో పాఠానికి ముందుగా కావలసింది, ముద్ద మొదలవకముందే అది ఏ ముద్దో చెప్పడం. "మొత్తం స్క్వేర్" అని చివర్లో అనే బదులు, "బ్రాకెట్‌లో ఏ ప్లస్ బి, బ్రాకెట్ పూర్తి, స్క్వేర్" అంటే చాలు. రెండు మాటలు ఎక్కువ, అంతే.

తెలుగులో సహజంగానే ముందు కబురు పెట్టే పలుకుబడి ఒకటుంది. "నాలుగింట మూడు వంతులు" అన్నప్పుడు "నాలుగింట" అని విన్న క్షణంలోనే భిన్నం వస్తోందని, దాని హారం నాలుగని తెలిసిపోతుంది. "రెండు ప్లస్ మూడు బై నాలుగు" అంటే 2.75 కావచ్చు, 1.25 కావచ్చు. "రెండు ప్లస్ నాలుగింట మూడు" అంటే 2.75 తప్ప మరోటి కాదు. అంకెలున్న చిన్న భిన్నాలకు ఈ పలుకుబడిని ధైర్యంగా వాడుకోవచ్చు. అక్షరాలున్న భిన్నాలకు ఇది ఒదగదు, "రెండు ఏ ఇంట" అనలేం. అక్కడ లవం, హారం అన్న మాటలు అక్కరకొస్తాయి. ఇంగ్లీషు మీడియం పిల్లల కోసమైతే న్యూమరేటర్, డినామినేటర్ అంటే సరి. ఏదైనా ఒకటే వాడాలి, ఒక పాఠంలో లవం అని మరో పాఠంలో న్యూమరేటర్ అనకూడదు.

అమెరికాలో పరీక్షలు తయారుచేసే ఈటీఎస్ సంస్థ చూపు లేని విద్యార్థుల కోసం రూపొందించిన క్లియర్‌స్పీక్ పద్ధతి ఈ దారిలోనే నడుస్తుంది. భిన్నం పెద్దదైతే ముందు భిన్నమని, తర్వాత లవం ఫలానా, హారం ఫలానా అని చెబుతుంది. "పూర్తి" అన్న మాట ప్రతిచోటా వాడదు, అవసరమైన చోటే వాడుతుంది. "హారం" అనగానే లవం, అందులో ఉన్న రూట్ కూడా ముగిసిపోయాయని వినేవారికి తెలుస్తుంది కదా, మళ్లీ విడిగా ఎందుకు చెప్పాలన్నది దాని తర్కం. ఆ లెక్కన మన సూత్రం ఇలా వస్తుంది: "ఎక్స్ ఈక్వల్ టు ఒక భిన్నం. లవం, మైనస్ బి, ప్లస్ ఆర్ మైనస్, రూట్ లోపల బి స్క్వేర్ మైనస్ నాలుగు ఏసీ. హారం, రెండు ఏ." తెలుగు ఆడియోకు నేను ఎంచుకునేది దీన్నే. నెమెత్ పద్ధతి రాసుకునే వ్రాయసగాడికి ఇచ్చే కొలత, అందులో అనుమానానికి తావుండదు కానీ సూత్రం పెద్దదయ్యే కొద్దీ "మొదలు"లూ "పూర్తి"లే ఎక్కువ వినిపిస్తాయి. మొదటిసారి నేర్చుకునే పిల్లవాడికి కావలసింది సూత్రం ఆకారం, తలుపుల చప్పుడు కాదు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. రూట్ ముగిశాక లవంలోనే ఇంకా ఏదైనా ఉంటే "రూట్ పూర్తి" అని చెప్పి తీరాలి.

ఇప్పటిదాకా చెప్పుకున్నది సూత్రం ఆకారం చదవడం గురించి. తెలుగుకు ఇంకో బలముంది, దాన్ని ఆడియో పాఠాలు ఇంకా సరిగా వాడుకోవడం లేదని నాకనిపిస్తుంది. సూత్రాన్ని ఆకారంగా కాక పనిగా చదివి చూడండి: "బి వర్గంలోంచి నాలుగు ఏసీ తీసేసి, వచ్చినదానికి వర్గమూలం కట్టి, దాన్ని మైనస్ బికి ఒకసారి కలిపి, ఒకసారి తీసేసి, వచ్చిన రెండింటినీ రెండు ఏతో భాగిస్తే ఎక్స్ విలువలు రెండూ వస్తాయి." ఇందులో బ్రాకెట్ లేదు, మొదలు లేదు, పూర్తి లేదు. అయినా ఎక్కడా అనుమానం రాదు. తీసేసి, కట్టి, కలిపి, భాగిస్తే అని పనులు ఒకదాని వెనక ఒకటి వచ్చే మన వాక్యం, లెక్క చేసే వరుసలోనే నడుస్తుంది. ఇందాక ఆకారం చదివేటప్పుడు అడ్డొచ్చిన గుణమే ఇక్కడ సాయం చేస్తోంది. చెవితో వింటూ వేళ్ల మీదనో, మాట్లాడే కాలిక్యులేటర్ మీదనో లెక్క చేసుకునే విద్యార్థికి ఇంతకన్నా మంచి చదువు లేదు.

కాకపోతే ఇది విని సూత్రాన్ని పరీక్షలో రాయలేరు. రాయడానికి ఆకారం కావాలి. పైగా (a + b)² = a² + 2ab + b² లాంటి సర్వసమీకరణాల్లో రెండు వైపులా సమానమని చెప్పడమే విషయం, చేయడానికి పని ఏమీ ఉండదు. కాబట్టి కొత్త సూత్రం వచ్చినప్పుడు రెండు చదువులూ ఉండాలి. మొదట ఆకారం, నెమ్మదిగా, రాసుకునే వేగంలో. తర్వాత పని, మామూలు మాటల వేగంలో. రెంటినీ ఒకే వాక్యంలో కలిపేస్తేనే తరగతి గదిలో వినిపించే ఆ మొదటి వాక్యం తయారవుతుంది.

సూత్రం మరీ పెద్దదైతే ఏం చేయాలన్న దానికి టి.వి.రామన్ చేసిన పని దారి చూపిస్తుంది. పుణెలో పెరిగిన రామన్‌కు పద్నాలుగేళ్ల వయసులో గ్లకోమా వల్ల చూపు పోయింది. బొంబాయి ఐఐటీలో చదివి అమెరికా వెళ్లి, 1994లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ అందుకున్నారు. ఆయన పరిశోధన గణితం ఉన్న పుస్తకాలను కంప్యూటర్ చేత చదివించడం మీదే. ఆ వ్యవస్థకు ఆస్టర్ అని పేరు పెట్టారు, తనకు దారి చూపే కుక్క పేరు కూడా అదే. అందులో ఘాతాంకాలు వచ్చినప్పుడు యంత్రం గొంతు కాస్త పైకి వెళుతుంది, కింద రాసే సూచికలు వచ్చినప్పుడు కిందికి దిగుతుంది. ఇంతకన్నా ముఖ్యమైన ఉపాయం మరొకటి ఉంది. పెద్ద సమీకరణంలోని చిక్కు భాగాలకు ఒక్కో పేరు పెట్టి, ముందు ఆ పేర్లతో మొత్తం ఆకారాన్ని చెప్పి, ఆ తర్వాత ఒక్కో పేరు వెనక ఏముందో విప్పి చెప్పడం.

ఈ ఉపాయానికి కంప్యూటర్ అక్కర్లేదు, మైకు ముందు కూర్చున్న టీచరు కూడా చేయవచ్చు. మన సూత్రంలో b² − 4acకి ఎలాగూ విచక్షణి అన్న పేరుంది. "విచక్షణిని డి అందాం. డి అంటే బి స్క్వేర్ మైనస్ నాలుగు ఏసీ. ఎక్స్ ఈక్వల్ టు ఒక భిన్నం. లవం, మైనస్ బి, ప్లస్ ఆర్ మైనస్, రూట్ డి. హారం, రెండు ఏ." రూట్ లోపల ఒకే ఒక్క అక్షరం మిగిలింది కాబట్టి దాని పరిధి గురించి సందేహమే రాదు. విన్నవారు మనసులో పట్టుకోవలసినదీ తక్కువ.

గొంతు ఎత్తులూ విరామాలూ పనికొస్తాయి కదా, అవే చాలవా అని అడిగేవారున్నారు. మంచి టీచరు "ఏ ప్లస్ బి" అని కలిపి పలికి, చిన్న విరామం ఇచ్చి "స్క్వేర్" అంటే చాలామందికి అర్థమవుతుంది, నిజమే. కానీ ఆడియో విద్యార్థి దగ్గరికి చేరేటప్పటికి అలాగే ఉంటుందన్న భరోసా లేదు. చూపు లేని విద్యార్థుల్లో చాలామంది రికార్డింగును ఒకటిన్నర రెట్లు, రెండు రెట్ల వేగంతో వింటారు. అప్పుడు విరామాలు సగానికి కుదించుకుపోతాయి. కొన్ని ప్లేయర్లలో నిశ్శబ్దాన్ని దానంతట అదే కత్తిరించే సౌకర్యం ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే విరామం మొత్తం పోతుంది. దానితో పాటే బ్రాకెట్ పోయినట్టే. విరామం మాటకు తోడుగా ఉండాలి కానీ మాటకు బదులుగా ఉండకూడదు.

అక్షరాల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ లెక్కను అదీ ముంచేస్తుంది. బి, డి, పి, టి ఫోను స్పీకరులో ఒకేలా వినిపిస్తాయి. ఎం, ఎన్ కూడా అంతే. తెలుగు పాఠంలో ఇంకో చిక్కు, "ఏ విలువ కనుక్కోవాలి" అన్న వాక్యం. అక్షరం aనా, ప్రశ్నా? "ఏ అనే అక్షరం విలువ" అనో, "చిన్న ఏ విలువ" అనో చెబితే సమస్య తీరుతుంది. "ఈక్వల్ టు టూ ఏ" అన్నప్పుడు రెండో "టూ" అంకె అని తెలియడానికి అంకెను తెలుగులో చెప్పడమే తేలిక, అందుకే పైన నేను "రెండు ఏ", "నాలుగు ఏసీ" అని వాడాను. "థర్టీన్", "థర్టీ" కలిసిపోయే చోట పదమూడు, ముప్పై ఎన్నటికీ కలిసిపోవు. ఇంగ్లీషు మీడియం పిల్లలకు డెబ్భై, ఎనభై, తొంభై తడబాటు కలిగిస్తాయి కాబట్టి పెద్ద సంఖ్యలను వారికి ఇంగ్లీషులో చెప్పి, ఆ వెంటనే అంకె అంకెగా విడదీసి చెప్పాలి: "సెవెంటీ టూ, సెవెన్ టూ."

సూచికలు కూడా ఇక్కడే దెబ్బతింటాయి. అంకశ్రేఢిలో n వ పదానికి సూత్రం aₙ = a + (n − 1)d. తరగతిలో దీన్ని "ఏ ఎన్ ఈక్వల్ టు ఏ ప్లస్ ఎన్ మైనస్ వన్ ఇంటు డి" అంటారు. మొదటి పదం 3, తేడా 5 అయితే పదో పదం 48. బ్రాకెట్ వినిపించని విద్యార్థి 3 + 10 − 1 × 5 అని చేసి 8 అంటాడు. రెండో పదమే 8 కదా అని గుర్తొచ్చేదాకా తప్పు తెలియదు. "ఏ సబ్ ఎన్ ఈక్వల్ టు ఏ ప్లస్, బ్రాకెట్‌లో ఎన్ మైనస్ ఒకటి, బ్రాకెట్ పూర్తి, ఇంటు డి" అంటే ఈ తప్పు పుట్టదు.

మనుషులు చదవకుండా యంత్రం చేత చదివించినప్పుడు మరో రకం తప్పులొస్తాయి. పీడీఎఫ్ నుంచి సూత్రాన్ని కాపీ చేస్తే b² − 4ac కాస్తా b2 − 4ac అయిపోతుంది, యంత్రం నమ్మకంగా "బి టూ మైనస్ ఫోర్ ఏసీ" అంటుంది. సూత్రం బొమ్మగా ఉంటే అసలు ఏమీ చదవదు, ముందూ వెనకా ఉన్న వాక్యాలు కలిసిపోతాయి. దీనికి సరైన మందు మ్యాథ్ఎంఎల్. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ సంస్థ 1998లో దాన్ని ప్రమాణంగా ఆమోదించింది. అందులో ఇది భిన్నం, ఇది లవం, ఇది హారం అన్న సంగతి సూత్రంతో పాటే నిలువ ఉంటుంది కాబట్టి చదివే సాఫ్ట్‌వేర్ ఊహించవలసిన పని లేదు. విద్యార్థి లవం లోపలికి వెళ్లి, అక్కడి నుంచి రూట్ లోపలికి వెళ్లి, కావలసిన ముక్కను మాత్రమే మళ్లీ వినగలడు. కన్ను చేసే పనికి ఇది దగ్గరగా వస్తుంది. రికార్డు చేసిన ఆడియోలో ఆ సౌకర్యం లేదు. అందుకే పొడవైన సాధన రికార్డు చేసేటప్పుడు ప్రతి సోపానాన్నీ విడి ట్రాక్‌గా చేయాలి, లేదా కనీసం "మూడో సోపానం" అని చెప్పి మొదలుపెట్టాలి. వెనక్కి వెళ్లాలనుకున్న విద్యార్థికి దిగవలసిన మెట్టు దొరకాలి.

మన దగ్గర ఈ ఆడియోలు ఎవరి జీవితంలోకి వెళతాయో చెప్పడానికి శ్రీకాంత్ బొల్లా ఉన్నారు. మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపు లేకుండా పుట్టిన ఆయన, పదో తరగతి తర్వాత సైన్స్ గ్రూపు చదవడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. అనుమతి వచ్చాక ఒక టీచరు పాఠాలను ఆడియోగా మార్పించి ఇచ్చారు. పన్నెండో తరగతిలో 98 శాతం మార్కులు తెచ్చుకుని, ఆ తర్వాత అమెరికాలోని ఎంఐటీలో చదివారు.

మాటకు లొంగనివీ ఉన్నాయి. రెండు వరుసలు, రెండు నిలువుల మాత్రికను "మొదటి వరుస, మూడు, ఒకటి, రెండో వరుస, సున్నా, ఐదు" అని వరుసవారీగా చదివితే చెవి పట్టుకుంటుంది. మూడు వరుసలైతే కష్టం. అలాంటి రెండు మాత్రికల గుణకారం విని చేయమనడం అన్యాయం. అక్కడ బ్రెయిల్ కాగితమో, ముట్టుకుని చూసే బొమ్మో చేతిలో ఉండాలి, ఆడియో దానికి తోడుగా నడవాలి. రేఖాగణిత పటాలూ, గ్రాఫులూ కూడా ఆ కోవలోవే.

రికార్డింగు బాగుందా లేదా అని తేల్చుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. పాఠం చూడని, గణితం కొద్దిగా వచ్చిన ఒకరిని కూర్చోబెట్టి, ఆడియో వినిపించి, విన్నది కాగితం మీద రాయమనండి. సాయం చేయకూడదు, "అర్థమైందా" అని అడగకూడదు. అర్థమైందని ఎవరైనా అంటారు, కాగితం మాత్రం ఉన్నది చెబుతుంది. మొదటిసారి మామూలు వేగంలో, రెండోసారి ఒకటిన్నర రెట్ల వేగంలో వినిపించండి. రాసింది పుస్తకంలోని సూత్రంతో పోల్చి, తేడా వచ్చిన చోట గీత గీయండి. బ్రాకెట్ లోపిస్తే అక్కడ "హోల్" లాంటి మాట ఉండి ఉంటుంది, దాన్ని తీసి ముద్దకు ముందే చెప్పాలి. అక్షరం మారితే ఉచ్చారణ చూసుకోవాలి. మొదటి వేగంలో సరిగా రాసి రెండో వేగంలో తప్పితే అక్కడ విరామం మీద ఆధారపడ్డారన్నమాట, ఆ చోట ఒక మాట పెట్టి ఆ ఒక్క వాక్యం మళ్లీ రికార్డు చేస్తే సరిపోతుంది.